మన అండర్-14 క్రికెట్ జట్టు వాట్సాప్ గ్రూపు నియమాలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం. కొత్త సీజన్ మొదలవుతోంది కాబట్టి ఈ గ్రూపు ఎలా నడవాలో రాసి పెడుతున్నాం. సోమవారం నుంచి అందరూ ఇవే పాటించాలి, కోచ్, మేనేజర్‌తో సహా. ఇక్కడ ఉన్న నంబర్లు మీవే అయినా, సాయంత్రం ఆ ఫోన్లు చాలావరకు పిల్లల చేతుల్లోనే ఉంటాయి. మీరు రాసే ప్రతి మాటా జట్టులో పిల్లలంతా చదువుతారనుకునే రాయండి.

మెసేజ్‌ల వేళలు

ఉదయం 6 నుంచి రాత్రి 9 వరకే. మ్యాచ్ రోజు మాత్రం మినహాయింపు: వాన పడి గ్రౌండ్ తడిసినా, లాడ్జి సెంటర్ నుంచి బయల్దేరే వ్యాను ఆలస్యమైనా తెల్లవారుజామున 5 గంటలకైనా మేనేజర్ మెసేజ్ పెడతారు. ఆ రోజు గ్రూపును మ్యూట్‌లో పెట్టకండి.

ఆదివారం మ్యాచ్‌కు మీ అబ్బాయి వస్తాడా రాడా అన్నది బుధవారం రాత్రి 8 లోపు పోల్‌లో నొక్కాలి. నొక్కనివాళ్లను రానట్టే లెక్క వేస్తాం. జ్వరం, దెబ్బ, అలర్జీ లాంటివి గ్రూపులో వద్దు, మేనేజర్‌కు విడిగా చెప్పండి. ఫీజు సంగతులు కూడా అంతే.

గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఫార్వర్డ్‌లు, రాజకీయాలు వద్దు. సంక్రాంతికీ ఉగాదికీ అందరి తరఫునా మేనేజర్ ఒక్క శుభాకాంక్ష పెడతారు. వాయిస్ మెసేజ్‌లు కూడా వద్దు, నెట్స్ మధ్యలో కోచ్ వాటిని వినలేరు.

జట్టు ఎంపిక

పోయిన సీజన్‌లో గొడవలన్నీ ఇక్కడే మొదలయ్యాయి, అందుకే ఇది కాస్త వివరంగా.

స్క్వాడ్‌లో 15 మంది ఉంటారు, ఆడేది 11 మంది. ప్రాక్టీస్ హాజరు, నెట్స్‌లో ఆట, ఆ మ్యాచ్‌కు ఎలాంటి ఆటగాడు కావాలన్నది చూసి కోచ్ నిర్ణయిస్తారు. మ్యాటింగ్ మీద ఆడే రోజు ఒక స్పిన్నర్ తగ్గవచ్చు. ఇద్దరు కీపర్లుంటే ఒకరు బ్యాట్స్‌మన్‌గానే ఆడాల్సి రావచ్చు. ఫాస్ట్ బౌలర్‌కు ఒక స్పెల్‌లో 5 ఓవర్లకు మించి ఇవ్వం, వికెట్లు పడుతున్నా సరే. ఎదిగే వయసులో నడుము మీద భారం పడకూడదని పెట్టుకున్న నియమం అది. స్నేహపూర్వక మ్యాచ్‌లలో ప్రతి మూడింటిలో ఒకదాంట్లోనైనా ప్రతి పిల్లవాడికీ ఆడే అవకాశం ఇస్తాం. టోర్నమెంట్‌లో ఆ హామీ లేదు.

జట్టు పేర్లు శుక్రవారం సాయంత్రం ప్రాక్టీస్ అయ్యాక ముందు పిల్లలకే చెబుతాం. చోటు దక్కనివాళ్లతో కోచ్ పక్కకు తీసుకెళ్లి మాట్లాడతారు. ఆ తర్వాత 7 గంటలకు గ్రూపులో పెడతాం. దాని కింద 'మావాడి పేరేది?', 'వాడెందుకున్నాడు?' అన్న ప్రశ్నలు రాయకూడదు. ఏడుపు మొహం ఎమోజీ, స్కోరు యాప్ స్క్రీన్‌షాట్ కూడా ప్రశ్న కిందికే వస్తాయి!

అడగాల్సింది ఉంటే సోమవారం సాయంత్రం 7 నుంచి 7:30 వరకు కోచ్ గ్రౌండ్‌లోనే ఉంటారు, రండి. మీ అబ్బాయి గురించి ఎంతైనా అడగండి, ఏం మెరుగుపడాలో సూటిగా చెబుతారు. పక్కింటి అబ్బాయితో పోలికలు మాత్రం ఎత్తకండి. మ్యాచ్ ముగిసిన రాత్రి కోచ్‌కు ఫోన్ చేయకండి, మర్నాటికి మీ కోపమూ చల్లారుతుంది, ఆయన అలసటా తీరుతుంది. పెద్దవాళ్ల చేత రికమండేషన్ ఫోన్ చేయిస్తే ఆ పిల్లవాడికి మేలు జరగదు, కీడూ జరగదు. ఫోన్ చేసినాయన టైమ్ వేస్ట్, అంతే.

తల్లిదండ్రుల తీరు

బౌండరీ దగ్గర నిలబడి 'ముందుకొచ్చి కొట్టరా' అని కేకలు వేయకండి. కోచ్ ఒకటి, నాన్న ఒకటి చెబితే పిల్లవాడు రెండూ వదిలేసి బౌల్డ్ అవుతాడు. బౌలర్ చేయి వెనకాల, సైట్‌స్క్రీన్ దగ్గర నడవకండి. నీళ్లు డ్రింక్స్ బ్రేక్‌లోనే. అంపైర్‌తో మాట్లాడేది కెప్టెన్, కోచ్ మాత్రమే. అవతలి జట్టు పిల్లలూ మన పిల్లల్లాంటివాళ్లే, వాళ్లు అవుటైనప్పుడు వెటకారం వద్దు.

ఫోటోలు, వీడియోలు మీ పిల్లవాడివే మీ స్టేటస్‌లో పెట్టుకోండి. వేరే పిల్లలు కనిపిస్తే వాళ్ల అమ్మానాన్నలను అడిగాకే. క్యాచ్ వదిలేసిన వీడియో సరదాకైనా సరే, ఎక్కడా పెట్టకూడదు.

నియమం తప్పితే

మొదటిసారి మేనేజర్ విడిగా చెబుతారు, మెసేజ్ తీసేస్తారు. రెండోసారి వారం పాటు గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మారుస్తాం. ఒకరి వల్ల అందరి నోరూ కట్టేసినట్టే, తెలుసు. అయినా తప్పదు. మూడోసారి ఆ నంబర్‌ను గ్రూపులోంచి తీసేసి, సమాచారం ఇంట్లో మరొకరికి పంపుతాం. పెద్దవాళ్ల తప్పుకు పిల్లవాడిని మాత్రం మ్యాచ్ నుంచి పక్కన పెట్టం.

చదివినవారు ఈ మెసేజ్ మీద బొటనవేలు గుర్తు నొక్కితే చాలు. 'ఓకే సార్', 'నోటెడ్ సార్' అని విడివిడిగా రాయకండి.