అక్టోబర్ 14, 15 సర్వీస్ ప్రయాణం: సొంత కారు కిలోమీటర్ల క్లెయిము

తేదీ: 17 అక్టోబర్ 2025

అకౌంట్స్ మేనేజర్ గారికి,
ద్వారా: సర్వీస్ విభాగం మేనేజర్ గారు

అయ్యా,

ఇద్దరు కస్టమర్ల దగ్గర పంపుల సర్వీసింగ్ కోసం అక్టోబర్ 14 (మంగళవారం), 15 (బుధవారం) తేదీల్లో సొంత పెట్రోలు కారులో చేసిన ప్రయాణానికి ఈ క్లెయిము పెడుతున్నాను. ప్రయాణానికి, సొంత వాహనం వాడకానికి అనుమతి 10వ తేదీనే తీసుకున్నాను. పంపు షాఫ్టు, మెకానికల్ సీళ్లు, అలైన్‌మెంట్ పరికరాల పెట్టె కలిపి దాదాపు 70 కిలోల సామాను ఉంది. బస్సులో తీసుకెళ్లే వీలు లేదని అనుమతి పత్రంలోనే రాసి ఉంది. లాడ్జి బిల్లు, బత్తా వేరే ఫారంలో ఇచ్చాను. అవి ఇందులో కలపలేదు.

ఓడోమీటరు రీడింగుల ప్రకారం ప్రయాణ వివరం:

14వ తేదీ
ఉదయం 6:20, ఇల్లు 48,216 → మొదటి కస్టమర్ ప్లాంటు 48,330: 114 కి.మీ.
మధ్యాహ్నం 2:45, ప్లాంటు 48,330 → మన విడిభాగాల డిపో 48,352: 22 కి.మీ.
సాయంత్రం 5:10, డిపో 48,352 → లాడ్జి 48,361: 9 కి.మీ.
రాత్రి 7:30, లాడ్జి 48,361 → బంధువుల ఇల్లు → లాడ్జి 48,379: 18 కి.మీ. (సొంత పని)

15వ తేదీ
ఉదయం 7:40, లాడ్జి 48,379 → రెండో కస్టమర్ ప్లాంటు 48,427: 48 కి.మీ.
సాయంత్రం 4:15, ప్లాంటు 48,427 → ఇల్లు 48,558: 131 కి.మీ.

కారు తిరిగిన మొత్తం దూరం 342 కి.మీ. అదంతా క్లెయిము చేయడం లేదు.

బంధువుల ఇంటికి వెళ్లొచ్చిన 18 కి.మీ. తీసేశాను. మామూలు రోజుల్లో ఇంటి నుంచి ఆఫీసుకు 11 కి.మీ. ఆ ప్రయాణానికి కంపెనీ డబ్బు ఇవ్వదు. కాబట్టి ఇంటి నుంచి నేరుగా ప్లాంటుకు వెళ్లిన 14వ తేదీ ఉదయానికి 11, నేరుగా ఇంటికి చేరిన 15వ తేదీ సాయంత్రానికి 11, కలిపి 22 కి.మీ. మినహాయించాను. రోజుకు రానుపోను లెక్కన 44 తీయాలని కిందటిసారి ఒక ప్రశ్న వచ్చింది. 14వ తేదీ రాత్రి ఇంటికి రాలేదు, 15వ తేదీ ఉదయం ఇంటి నుంచి బయలుదేరలేదు. అసలు జరగని ప్రయాణాన్ని తీసేయనక్కర్లేదు. చెల్లించాల్సిన దూరం: 342 − 18 − 22 = 302 కి.మీ.

మ్యాపుతో పోల్చి చూసే మీ పద్ధతి తెలుసు కాబట్టి ఆ లెక్క నేనే ఇస్తున్నాను. సొంత పని వదిలేస్తే, మిగతా ఐదు విడతలకు మ్యాపు చూపించే దూరం వరుసగా 110, 21, 9, 39, 127 కి.మీ. మొత్తం 306. ఓడోమీటరు లెక్క 324. తేడా 18 కి.మీ. ఇందులో సగం, అంటే 9 కి.మీ., 15వ తేదీ ఉదయానిదే. కల్వర్టు మరమ్మతు వల్ల మామూలు రోడ్డు మూసేసి, వాహనాలను పక్క దారిలోకి మళ్లించారు. మళ్లింపు బోర్డు ఫొటో 8:05కి తీసింది జతపరిచాను. మిగతా 9 కి.మీ. మూడు విడతల్లో చెదిరి ఉంది, ఏ విడతలోనూ 5 శాతం దాటలేదు. ప్లాంటు గేటు నుంచి పంపుహౌస్ దాకా లోపల తిరిగిన దూరం మ్యాపుకు తెలియదు. పైగా ముందు టైర్లు అరిగి ఉన్నాయి. అరిగిన టైరు చుట్టుకొలత తగ్గుతుంది, అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు కొంచెం ఎక్కువ చూపిస్తుంది.

రేటు: అక్టోబర్ 1 నుంచి సొంత కారుకు కిలోమీటరుకు రూ. 12 అమల్లో ఉంది. సెప్టెంబర్ 30 వరకు రూ. 11. ప్రయాణం జరిగిన తేదీ రేటే వర్తిస్తుంది, అనుమతి తేదీతోనూ క్లెయిము తేదీతోనూ పని లేదు.

302 × 12 = రూ. 3,624
టోల్ (రెండు దాట్లు, ఒక్కోటి రూ. 85) = రూ. 170
డిపో దగ్గర పార్కింగు = రూ. 40
మొత్తం = రూ. 3,834
13వ తేదీన తీసుకున్న అడ్వాన్సు = రూ. 2,000
రావలసినది = రూ. 1,834

పెట్రోలు బిల్లు రూ. 2,100, పంక్చరు ఖర్చు రూ. 150 ఈ లెక్కలో లేవు. కిలోమీటరు రేటులోనే ఇంధనం, టైర్లు, సర్వీసింగు, బీమా, వాహనం అరుగుదల అన్నీ ఉన్నాయి. మళ్లీ పెట్రోలు అడిగితే ఒకే ఖర్చుకు రెండుసార్లు తీసుకున్నట్టు. టోల్, పార్కింగు ఆ రేటులో లేవు కాబట్టి విడిగా చూపించాను. పెట్రోలు బిల్లు మాత్రం ఆ రోజు కారు ఆ దారిలో ఉందనడానికి సాక్ష్యంగా జతపరిచాను, దయచేసి దాన్ని మొత్తంలో కలపవద్దు.

రెండు రోజులూ మన టెక్నీషియన్ కూడా ఇదే కారులో వచ్చాడు. 14వ తేదీ ఉదయం ప్లాంటుకు వెళ్లే దారిలోనే ఎక్కాడు, అదనంగా తిరగలేదు. వాహనం ఒకటే కాబట్టి క్లెయిము ఒకటే. అతని ఫారంలో ప్రయాణ ఖర్చు గడిలో సున్నా ఉండాలి.

రికార్డుల్లో ఒక లోపం ఉంది, ముందే చెబుతున్నాను. 15వ తేదీ ఉదయం తీసిన మీటరు ఫొటోలో అద్దం మీద వెలుగు పడి చివరి అంకె 8 అన్నా, 9 అన్నా నమ్మేలా ఉంది. ముందు రోజు రాత్రి 9:40కి లాడ్జి పార్కింగులో తీసిన ఫొటోలో 48,379 స్పష్టంగా కనిపిస్తోంది. ఆ తర్వాత బండి కదల్లేదు, కాబట్టి అదే రీడింగు తీసుకున్నాను. ట్రిప్ మీటరును ఎక్కడా లెక్కలోకి తీసుకోలేదు. బటన్ నొక్కితే అది సున్నాకు వస్తుంది.

ట్రిప్ షీటు ఆ రోజుకారోజు, బండి ఆగిన చోటే రాసింది. రెండో రోజు మొదటి వరుసలో ఉన్న కొట్టివేత నాదే, పక్కన సంతకం ఉంది, కింద ఉన్న పాత అంకె చదవడానికి వీలుగా ఒక్క గీతతోనే కొట్టాను. పార్కింగు రసీదు థర్మల్ కాగితం. కొన్ని నెలలకే అక్షరాలు వెలిసిపోతాయి కాబట్టి అసలు రసీదుతో పాటు జిరాక్సు పెట్టాను. ఫొటోల అసలు ఫైళ్లు తీసిన తేదీ, సమయంతో సహా నా దగ్గర ఉన్నాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి కాబట్టి మెయిల్‌లో పంపాను. ట్రిప్ షీటు నకలు, ఫొటోలు, టోల్ స్టేట్‌మెంటు మన ప్రయాణ నిబంధన ప్రకారం 3 ఏళ్లు దాచి ఉంచుతాను. కారు ఆర్‌సీ, బీమా నకళ్లు ఏప్రిల్‌లోనే మీ ఫైల్లో ఇచ్చాను. బీమా గడువు 2026 ఫిబ్రవరి వరకు ఉంది.

పైన రాసిన దూరాలు, ఖర్చులు నిజమైనవి. వీటికి మరెక్కడా క్లెయిము పెట్టలేదు, కస్టమర్ల నుంచి తీసుకోలేదు. మిగిలిన రూ. 1,834 నా జీతం ఖాతాలో జమ చేయగలరు.

ఇట్లు,
సీనియర్ సర్వీస్ ఇంజినీరు, ఉద్యోగి సంఖ్య 2147

జతపరిచినవి: అనుమతి పత్రం, రెండు రోజుల ట్రిప్ షీటు, ఏడు మీటరు ఫొటోలు, మళ్లింపు బోర్డు ఫొటో, ఇద్దరు కస్టమర్లు రాక, పోక సమయాలు వేసి సంతకం చేసిన సర్వీస్ రిపోర్టులు, డిపో నుంచి సామాను తీసుకున్న చలానా, టోల్ స్టేట్‌మెంటు, పార్కింగు రసీదు, దాని జిరాక్సు, పెట్రోలు బిల్లు (సాక్ష్యానికి మాత్రమే).