తూముల ఇంటిపేరు గురించి అత్తమ్మకు ఉత్తరం

సీతాఫల్‌మండి, హైదరాబాద్
2025 నవంబరు 9

లక్ష్మీనర్సమ్మ అత్తమ్మకు నమస్కారాలు.

నేను రాజయ్య పెద్దకొడుకు కొడుకును, శ్రీనివాస్‌ను. మా తాత, మీ నాయన అన్నదమ్ముల పిల్లలు. మా చెల్లె పెండ్లికి మీరొచ్చినప్పుడు మన ఊరి పాత ఇంటి ముచ్చట్లు చెప్పారు. ఆ రోజు రాసుకోలేదే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మూడేండ్లుగా మన వంశవృక్షం రాస్తున్నాను. ఏడు తరాలు దొరికాయి. ఇంటిపేరు దగ్గరే ఆగిపోయాను. తూము అంటే చెరువు నీళ్లు వదిలేదీ అవుతుంది, వడ్లు కొలిచేదీ అవుతుంది. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. మనవాళ్లు తూము కాడ నీళ్లు చూసుకున్నవాళ్లా, కల్లాల్లో గింజలు కొలిచినవాళ్లా? నాయనను అడిగి ఉండాల్సింది. ఆయన పోయాకే నాకీ ధ్యాస పుట్టింది.

ఇంకో చిక్కుంది. తాత ట్రంకుపెట్టెలో 1345 ఫసలీ, అంటే 1935 ప్రాంతం నాటి ఉర్దూ కాగితం ఒకటి దొరికింది. పాత రికార్డులు చదివే ఒక పెద్దమనిషికి చూపించాను. ఉర్దూలో ఒత్తు గుర్తు చాలాసార్లు పెట్టరట. ఆ చేతిరాతలో పేరు తూముల అని ఉందో, తుమ్మల అని ఉందో తేల్చలేనన్నారు. తుమ్మల అయితే పేరు చెట్టు నుంచో, ఆ పేరున్న ఊరి నుంచో వచ్చి ఉండాలి. ఊరి నుంచి వచ్చిన పేరైతే మనం అక్కడి నుంచి వలస వచ్చినవాళ్లం కావచ్చు. అందుకే నాకు తోచినట్టు రాసేయడానికి మనసు ఒప్పడం లేదు. పిల్లలు రేపు దాన్నే నిజమనుకుంటారు.

మీ నాయన ఈ పేరు గురించి ఏమైనా చెప్పేవారా? చెరువు పని చూసినందుకు మనకు మాన్యం గానీ దశబంధం ఇనాం గానీ ఉండేదా? పెత్తరమాసకు బియ్యం ఇచ్చేటప్పుడు మీ ఇంట్లో ఎవరెవరి పేర్లు తలిచేవారు? నా దగ్గరున్న వరుసలో అందరికన్నా పై పేరు ముత్యాలు. అంతకు ముందరి పేరు ఒక్కటి తెలిసినా నాకు పెద్ద ఆసరా. మీకు గుర్తున్నది సగమైనా, తప్పేమో అనిపించినా చెప్పండి. మీరు చెప్పిందని మీ పేరుతోనే రాసుకుంటాను.

రాయడం కష్టమైతే మీ మనవడితో ఫోన్‌లో రికార్డు చేయించి వాట్సాప్‌లో పంపించండి. తీరిక చూసుకొని మాట్లాడండి, ఎంతసేపైనా వింటాను. సంక్రాంతి సెలవుల్లో నిజామాబాద్ వస్తాను, ఆ ఉర్దూ కాగితం కూడా తెస్తాను.

ఇంకొక్కటి. మీ ఇంట్లో ఇనుప పట్టీలు వేసిన పాత కుంచం ఉండేదని మా నాయనమ్మ అనేది. అది ఇంకా ఉంటే, ఎవరికీ ఇచ్చేయకండి అత్తమ్మా. దాని మీద ఏదైనా పేరు చెక్కి ఉందేమో ఒకసారి చూడండి.

మీ అల్లుడు
శ్రీనివాస్