బొమ్మ చూసి రాయండి: సంక్రాంతి పొద్దు

ఈ బొమ్మలో ఒక పెంకుటిల్లు, దాని ముందు పెద్ద ముగ్గు ఉన్నాయి. లంగా ఓణీ వేసుకున్న అమ్మాయి వంగి చుక్కలు కలుపుతోంది, పక్కనే ఆమె చెల్లి అనుకుంటా, గొబ్బెమ్మ మీద గుమ్మడి పువ్వు గుచ్చుతోంది. ఇంతలో గంగిరెద్దు వచ్చింది! వీపు మీద రంగురంగుల బొంత, కొమ్ములకు కుచ్చులు, ఆడించేవాడు సన్నాయి ఊదుతుంటే అది తల ఊపుతున్నట్టే ఉంది. అరుగు మీద తాతయ్య పేపర్ పక్కన పెట్టి కళ్లజోడు పైనుంచి చూస్తున్నాడు. అమ్మమ్మ చేటలో బియ్యం తెస్తోంది. పైన ఎగిరేది గాలిపటమే అయ్యుండాలి, ఈ బొమ్మను ఫోన్‌తో తీసిన ఫోటోలో ఆ మూల ఫోన్ నీడ పడి తోక ఒక్కటే కనిపిస్తోంది. ఒక పిల్లాడు మాత్రం ఎద్దుకు భయపడి స్తంభం వెనక దాక్కున్నాడు, ఒక్క కన్నే బయటకు పెట్టాడు.