కార్పెట్ ఫోటోల ప్రాంప్టులు, షాప్ కేటలాగ్ కోసం (తమ్ముడికి)

తమ్ముడూ, దసరా ఆఫర్ పోస్టులకి కావాల్సినవన్నీ ఇందులోనే ఉన్నాయి, ఒక్కో ప్రాంప్ట్‌ని మొత్తంగా కాపీ కొట్టి బొమ్మలేసే ఏఐలో, ఒకే చాట్‌లో వరసగా పేస్ట్ చెయ్, మధ్యలో లైన్లు కట్ చేయకు. ఒక్క మాట, ఎక్కడా "రగ్గు" అని రాయలేదు గమనించావా? నేను ఫస్ట్ అలానే రాశా, ఏఐ చక్కగా మంచం మీద చలికాలం కప్పుకునే రగ్గు వేసిచ్చింది, దాని తప్పేం లేదు, మనింట్లో అమ్మ కూడా రగ్గు అంటే అదే తెస్తుంది కదా. అందుకే చాలావాటిలో "నేల మీద పరిచిన కార్పెట్" అనే ఉంటుంది. ఇంకోటి, టైల్స్, బండలు ఉన్న ప్రతి దాంట్లో వాటి సైజ్ రాశా, అది మన స్కేల్. బొమ్మ వచ్చాక టైల్స్ లెక్కపెట్టు, కార్పెట్ సైజ్ తేలిపోద్ది. పోయినసారి 4 బై 6 పీసు ఫోటోలో హాలంతా పరుచుకున్నట్టు వచ్చింది, కస్టమర్ ఇంటికెళ్లాక మనల్ని ఎన్ని మాటలన్నాడో నీకు గుర్తుండే ఉంటుంది.

ప్రాంప్ట్ 1, మెడాలియన్ పీసు, 6 బై 9

కొండాపూర్‌లో ఒక త్రీ బెడ్రూమ్ ఫ్లాట్, పొడవాటి లివింగ్ కమ్ డైనింగ్ హాలు. నేలంతా 2 అడుగులకి 2 అడుగుల ఐవరీ కలర్ విట్రిఫైడ్ టైల్స్, సన్నటి గ్రౌట్ గీతలు స్పష్టంగా కనపడాలి. ఆ నేల మీద పరిచిన చేతి ముడుల ఊలు కార్పెట్, వెడల్పు 6 అడుగులు అంటే సరిగ్గా మూడు టైల్స్, పొడవు 9 అడుగులు అంటే నాలుగున్నర టైల్స్, పొడవు వైపు కెమెరా నుంచి దూరంగా వెళ్తూ ఉంది. కెమెరా డైనింగ్ వైపు, నేల నుంచి 4 అడుగుల ఎత్తులో, ఏ మాత్రం కిందకి వంచకుండా లెవెల్‌గా, 24 ఎంఎం లెన్స్, కార్పెట్ దగ్గరి అంచు కెమెరాకి 9 అడుగుల దూరంలో, అవతలి అంచు 18 అడుగుల దూరంలో. కాబట్టి బొమ్మలో అవతలి అంచు వెడల్పు దగ్గరి అంచులో సగమే ఉండాలి. కార్పెట్ రెండు పొడవాటి అంచులూ టైల్స్ గీతలూ పైకి పొడిగిస్తే అన్నీ ఒక్క పాయింట్‌లోనే కలవాలి, ఆ పాయింట్ కెమెరా ఎత్తులో, ఎదురు గోడ మధ్యలో. గోడల నిలువు గీతలు నిటారుగా ఉండాలి.

డిజైన్: ముదురు మెరూన్ ఫీల్డ్, మధ్యలో ఒకే ఒక్క పదహారు కోణాల మెడాలియన్, నాలుగు మూలల్లో అదే మెడాలియన్ పావు ముక్క చొప్పున, కుడి సగం ఎడమ సగానికి అద్దంలో చూసినట్టు. చుట్టూ 10 అంగుళాల నేవీ బ్లూ బోర్డర్, అందులో లత, మూలల దగ్గర లత తెగిపోకుండా వంపు తిరిగి పక్క అంచులోకి వెళ్లాలి. మెడాలియన్ కేంద్రం కార్పెట్ నాలుగు మూలల్ని ఏటవాలుగా కలిపిన గీతలు ఖండించుకునే చోట, అంటే బొమ్మలో దగ్గరి అంచు నుంచి కార్పెట్ ఎత్తులో మూడింట రెండు వంతుల పైన. కుచ్చులు 2 అంగుళాల పొడవు, పడుగు పోగుల కొసలే కాబట్టి దగ్గరి పొట్టి అంచుకీ అవతలి పొట్టి అంచుకీ మాత్రమే, పొడవాటి అంచులకి చుట్టి కుట్టిన సన్నటి ఊలు పైపింగ్.

పైల్ 10 మిల్లీమీటర్లు, కట్ పైల్, మ్యాట్ ఫినిష్‌కి కొద్దిగా ఊలు మెరుపు. నూగు కెమెరా వైపు వాలి ఉంది కాబట్టి రంగులు ముదురుగా, నిండుగా కనపడాలి. ఒకచోట చేత్తో నిమిరినట్టు అర అడుగు మేర అదే మెరూన్ లేతగా. సోఫా ముందు కాళ్లు రెండూ కార్పెట్ మీద, కాళ్ల చుట్టూ పైల్ నొక్కుకుపోయి చిన్న గుంట, కింద నీడ. ఎడమ బాల్కనీ నుంచి పొద్దున ఎండ, కార్పెట్ అంచు టైల్ మీద సెంటీమీటర్ మందం నీడ వేయాలి.

వద్దు: నాలుగు వైపులా కుచ్చులు, గాల్లో తేలే అంచు, రెండో మెడాలియన్, అక్షరాల్లా కనిపించే గీతలు, ప్లాస్టిక్ మెరుపు.

(ఆ మూడింట రెండు వంతుల ముక్క తీసేయకు తమ్ముడూ. అది లేకపోతే మెడాలియన్‌ని బొమ్మకి సరిగ్గా సగంలో పెట్టేస్తుంది, చూడ్డానికి బానే ఉంటుంది గానీ కార్పెట్ గోడకి ఆనించి నిలబెట్టినట్టు ఏదో తేడాగా అనిపిస్తుంది, కస్టమర్‌కి ఎందుకో తెలీదు, కానీ నమ్మకం పోద్ది.)

ప్రాంప్ట్ 2, జాలీ డిజైన్, అదే హాలు

పైన చెప్పిన హాలు, టైల్స్, కెమెరా, దూరాలు అన్నీ అవే. నేల మీద పరిచిన 6 బై 9 మెషిన్ మేడ్ కార్పెట్, బోర్డర్ లేదు, కుచ్చులు లేవు. లేత బూడిద రంగు మీద క్రీమ్ కలర్ జాలీ, ఒక్కో గడి 18 అంగుళాల చతురస్రం, గడి మధ్యలో ఎనిమిది రేకుల పువ్వు. అడ్డంగా సరిగ్గా 4 గడులు, పొడవులో సరిగ్గా 6 గడులు, మొత్తం 24 పువ్వులు, ఎక్కువా వద్దు తక్కువా వద్దు. స్ట్రెయిట్ రిపీట్, అంటే ప్రతి వరస పైవరసకి సూటిగా కిందే, సగం పక్కకి జరగకూడదు. దూరం వెళ్లేకొద్దీ వరసల ఎత్తు తగ్గుతూ పోవాలి, మొదటి వరస ఎత్తు ఆరో వరసకి మూడు రెట్ల కంటే కొంచెం ఎక్కువ. పువ్వులు కూడా అదే లెక్కలో నొక్కుకుపోవాలి, వెనక వరసల్లో గుండ్రటి పువ్వు అడ్డంగా సాగిన పువ్వు అవుతుంది. 24 పువ్వులూ ఒకే డ్రాయింగ్, ఒకదానికి ఏడు రేకులు ఇంకోదానికి తొమ్మిది రాకూడదు. హై అండ్ లో పైల్, జాలీ గీతలు 12 మిల్లీమీటర్లు, గ్రౌండ్ 7 మిల్లీమీటర్లు, పక్క నుంచి వచ్చే వెలుతురులో గీతల పక్కన సన్నటి నీడ.

ప్రాంప్ట్ 3, వరంగల్ జంపఖానా

పాతబస్తీలో పాత ఇల్లు, లోపలి వరండా, నేలకి షాబాద్ బండలు, ఒక్కోటి దాదాపు 2 అడుగుల చదరం, బూడిద నీలం, అరిగి నున్నబడ్డవి, సందుల్లో సిమెంట్. దాని మీద పరిచిన వరంగల్ నూలు జంపఖానా, 4 బై 6, రెండు బండల వెడల్పు, మూడు బండల పొడవు. ఇది పైల్ లేని ఫ్లాట్ నేత, నూగు అస్సలు వద్దు, పేక పోగులు పడుగుని పూర్తిగా కప్పేసి పొడవునా సన్నటి గట్లు గట్లుగా కనపడాలి, నులక మంచం అల్లికలా కాదు, దగ్గర దగ్గరగా బిగించి దువ్వెన కొట్టినట్టు. ఇటుక ఎరుపు, ఇండిగో, గంధం రంగు అడ్డ చారలు, చారల మధ్య మెట్లు మెట్లుగా నేసిన డైమండ్లు, వాటి అంచులు నున్నటి ఏటవాలు గీతలు కావు, చిన్న చిన్న మెట్లు. చార వరస 12 అంగుళాలకి ఒకసారి తిరిగి రావాలి, 6 అడుగుల్లో ఆరుసార్లు. మందం 4 మిల్లీమీటర్లు, అందుకే అంచు నీడ గీత మందమే ఉండాలి, ఒక మూల కొంచెం లేచి, కింద బండ మీద మెత్తటి నీడ. పొట్టి అంచులకి ముడేసిన కుచ్చులు. కెమెరా పక్క నుంచి, మూల దగ్గర, నిలబడ్డ మనిషి కళ్ల ఎత్తు 5 అడుగులు, కాబట్టి అంచులు రెండు వేరు వేరు పాయింట్ల వైపు వెళ్లాలి, ఎడమవైపు వెళ్లే అంచులూ బండ గీతలూ ఎడమ పాయింట్‌కి, కుడివైపు వెళ్లేవి కుడికి, రెండు పాయింట్లూ ఒకే ఎత్తులో. జంపఖానాని బండ గీతలకి సమాంతరంగానే పరచాలి.

(పోస్ట్ కింద 2018లో జీఐ గుర్తింపు వచ్చిందని రాయి, జనం అడుగుతున్నారు. కానీ మన వరంగల్ స్టాక్‌కే రాయి, పానిపట్ నుంచి వచ్చిన చారల వాటికి కాదు!)

ప్రాంప్ట్ 4, షాగ్ రౌండ్

పిల్లల గది, వుడెన్ ఫినిష్ ఫ్లోర్, పలకలు కెమెరా నుంచి దూరంగా వెళ్తున్నాయి. నేల మీద పరిచిన 5 అడుగుల గుండ్రటి ఆవాల పసుపు షాగ్ కార్పెట్, పైల్ 40 మిల్లీమీటర్లు. పక్క నుంచి చూస్తున్నాం కాబట్టి అడ్డంగా సాగిన కోడిగుడ్డు ఆకారం కాదు, నీట్‌గా ఎలిప్స్, పొడుగు అడ్డంగా. పోగులు కుచ్చులు కుచ్చులుగా విడిపోయి అటూ ఇటూ వాలి ఉండాలి, గడ్డిలా నిలువుగా కాదు, అంచు దగ్గర పోగులు బయటికి వాలి కొంచెం చెక్క మీద పడాలి.

ప్రాంప్ట్ 5, ఫంక్షన్ హాల్

నాగోల్ వైపు ఉండే ఫంక్షన్ హాల్స్ లాంటిది, 60 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు, ఖాళీగా, కుర్చీలు లేకుండా. గోడ నుంచి గోడ దాకా కార్పెట్, 12 అడుగుల రోల్స్ మూడు పక్కపక్కన పొడవునా, అంటే రెండు అతుకులు, అతుకు దగ్గర సన్నటి గీత మాత్రం కనపడాలి గానీ డిజైన్ తప్పకూడదు. 3 అడుగులకి 3 అడుగుల బంగారు వలయం, ఒక్కో రోల్‌లో అడ్డంగా 4, హాలు మొత్తానికి అడ్డంగా 12, పొడవునా 20. వైన్ రెడ్ గ్రౌండ్, కట్ పైల్ 7 మిల్లీమీటర్లు, నడక దారిలో పైల్ కొంచెం అణిగి మెరుపు తేడాగా. కెమెరా స్టేజీ మీద, నేల నుంచి 8 అడుగుల ఎత్తు, లెవెల్‌గా. చివరి వరసల్లో వలయాలు సన్నటి అడ్డ గీతలయ్యేదాకా చిన్నవవ్వాలి, కానీ వరస సంఖ్య తగ్గకూడదు, అల అలలుగా మినుకుమనే మచ్చలు రాకూడదు.

ప్రాంప్ట్ 6, మూల క్లోజప్

ప్రాంప్ట్ 1 కార్పెట్ ఒక మూల మడిచి వెనకవైపు పైకి చూపిస్తున్నాం, వెనక క్యాన్వాస్ గుడ్డ వద్దు, గమ్ వద్దు, ముడులే కనపడాలి, ముందున్న డిజైనే వెనక కూడా చిన్న చిన్న గింజల్లా. గింజల వరసలు దాదాపు సూటిగా, చేతి పని కాబట్టి అక్కడక్కడా వెంట్రుకంత వంకర. మడత వంపు మీద వెనక ముడులు వరసలుగా స్పష్టంగా కనపడాలి. పక్కన ఒక రూపాయి నాణెం, సైజ్ తెలియడానికి.

(టఫ్టెడ్ పీసులకి ఇది వాడకు, వాటికి వెనక నిజంగానే గుడ్డ ఉంటుంది.)

ప్రాంప్ట్ 7, మన అసలు పీసు ఫోటోని గదిలో వేయడానికి

మొదటి ఫోటో: పై నుంచి సూటిగా తీసిన అసలు కార్పెట్, 5 బై 8. రెండో ఫోటో: కస్టమర్ హాలు, టైల్స్ 2 బై 2. మొదటి ఫోటోలోని డిజైన్‌ని మార్చకుండా, మళ్లీ గీయకుండా, నాలుగు మూలల్నీ నేల మీద పరిచి పెట్టు, వెడల్పు రెండున్నర టైల్స్, పొడవు నాలుగు టైల్స్, టీపాయ్ కింద మధ్యలో. అంచులు టైల్ గీతల వాలునే అనుసరించాలి. టీపాయ్ కాళ్లు, సోఫా కాళ్లు, నేల మీద పడున్న టీవీ రిమోట్ కార్పెట్ పైనే ఉండాలి, కార్పెట్ వాటి మీద నుంచి వెళ్లకూడదు. నీడలు గదిలో ఇప్పుడున్న వైపే. గది రంగులు, గోడలు, పిల్లాడి గీతలు సహా ఏదీ సర్దకు.