చెరువు దగ్గర కొంగ అడిగిన ప్రశ్నలు

పాఖాల చెరువు కట్ట మీద కూర్చోబెట్టి మా నాయనమ్మ చెప్పిన కథ ఇది. చుట్టూ అడవి, ఎదురుగా కాకతీయుల కాలం నాటి చెరువు, నీళ్ల అంచున ఒక కొంగ. "ధర్మరాజును ప్రశ్నలు అడిగింది అసొంటి కొంగే" అని మొదలుపెట్టేది. ఆమె చెప్పిన వరుసలోనే చెబుతున్నాను.

పాండవుల పన్నెండేళ్ల వనవాసం ముగింపుకొచ్చింది. ద్వైతవనంలో ఒక బ్రాహ్మణుడు పరుగున వచ్చాడు. నిప్పు పుట్టించే అరణి కర్రలు చెట్టుకు తగిలించి ఉంటే, ఒక జింక వచ్చి ఒళ్లు రుద్దుకుందట. కర్రలు కొమ్ములకు చిక్కుకున్నాయి. జింక వాటితోనే పారిపోయింది. అవి లేకపోతే అగ్నిహోత్రం ఆగిపోతుంది. అన్నదమ్ములు ఐదుగురూ వెంటపడ్డారు, జింక దొరకలేదు. అలసి, గొంతెండి, మర్రిచెట్టు కింద కూలబడ్డారు.

నకులుడు చెట్టెక్కి చూశాడు. నీటి పక్కన పెరిగే చెట్లు కనిపించాయి, కొంగల అరుపులు వినిపించాయి. అమ్ములపొదిలో నీళ్లు తెస్తానని వెళ్లాడు. వంగి దోసిలి పట్టగానే, "ఈ నీళ్లు నావి. నా ప్రశ్నలకు జవాబు చెప్పి తాగు" అని ఒక గొంతు. దాహం ఆగనిచ్చిందా? తాగాడు, పడిపోయాడు. వెతుకుతూ వచ్చిన సహదేవుడూ అంతే. అర్జునుడు ఆ గొంతు వైపు బాణాలు కురిపించాడు, ఒక్కటీ తగల్లేదు. నీళ్లు తాగి పడ్డాడు. భీముడూ పడ్డాడు.

చివరికి ధర్మరాజు వచ్చాడు. ఒడ్డున నలుగురు తమ్ముళ్లు! ఏడ్చాడు. ఏడుస్తూనే పరికించి చూశాడు. ఒంటి మీద ఆయుధం దెబ్బ లేదు. నేల మీద పరాయి అడుగుల జాడ లేదు. ముఖాలు రంగు మారలేదు కాబట్టి నీళ్లలో విషం లేదు. అంత దుఃఖంలోనూ ఆయన బుద్ధి చెదరలేదు. నాకు ఆ చోటు దగ్గర ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నీళ్లలో దిగబోతుంటే కొంగ మాట్లాడింది. "వీళ్లను పడగొట్టింది నేనే. జవాబులు చెప్పకపోతే ఐదోవాడివి నువ్వే." "పర్వతాల్లాంటి నా తమ్ముళ్లను పక్షి పడగొట్టలేదు. నువ్వెవరు?" అన్నాడు ధర్మరాజు. అప్పుడు తాటిచెట్టంత ఎత్తున యక్షుడు కనిపించాడు.

"నీ సొత్తు నాకొద్దు. తెలిసినంతలో చెబుతాను, అడుగు."

"భూమి కంటే బరువైనది?"
"తల్లి."
"ఆకాశం కంటే ఎత్తైనవాడు?"
"తండ్రి."
"గాలి కంటే వేగం?"
"మనసు."
"గడ్డిపోచల కంటే ఎక్కువ?"
"చింతలు."
"నిద్రలోనూ కన్ను మూయనిది?"
"చేప."
"పుట్టీ కదలనిది?"
"గుడ్డు."
"చావబోయేవాడికి స్నేహితుడు?"
"దానం."
"దేన్ని వదిలితే దుఃఖం ఉండదు?"
"కోపాన్ని."
"దేన్ని వదిలితే సుఖం?"
"లోభాన్ని."

ఇలా ఎన్నో అడిగి, చివర యక్షుడు అన్నాడు: "లోకంలో ఆశ్చర్యం ఏది?"
"రోజూ ప్రాణులు యముడి ఇంటికి పోతూనే ఉన్నాయి. అది చూస్తూ కూడా మిగిలినవాళ్లు తాము శాశ్వతంగా ఉండాలనుకుంటారు. ఇంతకంటే ఆశ్చర్యం ఏముంది?"

"సంతోషంగా ఉండేవాడెవడు?"
"పొద్దు వాలినాకైనా సరే, తన ఇంట్లో కాసింత కూరాకు వండుకుని తింటూ, అప్పు లేకుండా, పరదేశం పోకుండా ఉన్నవాడు."

ఇక్కడ నాయనమ్మ కాసేపు ఆగేది. మా బాబాయి అప్పు చేసి దుబాయి పోయాడు, ఆ అప్పు తీరడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఈ జవాబు మా ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

యక్షుడు మెచ్చాడు. "ఒక్క తమ్ముణ్ణి బతికిస్తాను. ఎవరు కావాలి?"

"నకులుడు."

యక్షుడే నివ్వెరపోయాడు. "పదివేల ఏనుగుల బలమున్న భీముణ్ణి కాదని? గాండీవం పట్టే అర్జునుణ్ణి కాదని? రేపు యుద్ధం వస్తే ఎవరి అండ?"

"మా నాన్నకు ఇద్దరు భార్యలు, కుంతి, మాద్రి. కుంతికి నేనున్నాను. మాద్రికీ ఒక కొడుకు ఉండాలి. నాకు ఇద్దరు తల్లులూ సమానమే."

మాద్రి ఎప్పుడో చితి ఎక్కింది. అడగడానికి లేదు, నిలదీయడానికి లేదు. అలాంటి తల్లి వాటాను ఆయన మరిచిపోలేదు. ప్రశ్నలన్నిటిలో పెద్దది ఇదేనని నాకనిపిస్తుంది.

"నలుగురూ లేవండి" అన్నాడు యక్షుడు. లేచారు, ఆకలి దప్పులు తీరిపోయాయి. ఆయన యముడు, ధర్మదేవత, ధర్మరాజుకు స్వయంగా తండ్రి. జింకై అరణి ఎత్తుకుపోయిందీ తనే. వరం కోరుకోమంటే ధర్మరాజు మొదట అడిగింది, ఆ బ్రాహ్మణుడి అరణి తిరిగి ఇమ్మని. రెండోది, పదమూడో ఏట అజ్ఞాతవాసంలో తమను ఎవరూ గుర్తుపట్టకూడదని. మూడోది, తన మనసు లోభానికీ మోహానికీ కోపానికీ లొంగకుండా దానం, తపస్సు, సత్యం మీదే నిలవాలని.

ఐదుగురూ ఆశ్రమానికి తిరిగొచ్చి, ముందుగా బ్రాహ్మణుడి చేతిలో అరణి పెట్టారు.