వచ్చే సంవత్సరం బీమా బడ్జెట్: యాజమాన్య కమిటీ ఆమోదం కోసం

పంపిన వారు: అకౌంట్స్ విభాగం
అంకెలన్నీ లక్షల్లో, పన్నులతో కలిపి

మన ప్రింటింగ్, ప్యాకేజింగ్ యూనిట్ బీమాకు పోయిన సంవత్సరం 14.20 ఖర్చయింది. ఈసారి ప్రీమియాలకు 17.00, మన చేతి నుంచి పెట్టుకోవాల్సిన నష్టాల కోసం విడిగా 6.00, మొత్తం 23.00 అడుగుతున్నాను. ఇంత ఎందుకు పెరిగిందనే ప్రశ్న రావడం సహజం. ముఖ్యమైన కారణం ఒక్కటే: ఇన్నేళ్లూ ఆస్తుల విలువను తక్కువగా చూపిస్తూ వచ్చాం. పాత పాలసీనే ఏటా రెన్యూవల్ చేసి ఫైల్లో పెట్టేశాం, అందులో నా తప్పూ ఉంది.

బిల్డింగ్‌నే తీసుకోండి. ఇప్పుడు మళ్లీ కట్టాలంటే 420 అవుతుంది, మనం చేసిన బీమా 300. ఇలాంటప్పుడు బీమా కంపెనీ నష్టాన్ని కూడా అదే నిష్పత్తిలో కోసి ఇస్తుంది. 70 నష్టం జరిగితే లెక్కకు వచ్చేది 50. అందులో 5 శాతం డిడక్టిబుల్ పోగా చేతికందేది 47.50. మిగతా 22.50 మనమే భరించాలి. స్టాకుదీ ఇదే కథ. సగటున 110 ఉంటుందని అంతకే చేశాం, కానీ సీజన్‌లో అది 180కి చేరుతుంది. చూసేది నష్టం జరిగిన రోజున గోడౌన్‌లో ఉన్న సరుకు విలువనే, ఏడాది సగటును కాదు.

అందుకే ఈసారి బిల్డింగ్ 420, మెషీన్లు 560, స్టాకు 180 కలిపి 1160కి అగ్ని ప్రమాద పాలసీ కొటేషన్లు తెప్పించాను. మెషీన్లకు తరుగుదల తీసేసిన పుస్తక విలువ కాకుండా, అలాంటిదే కొత్తది కొనడానికయ్యే ధర వేశాం.

| కొటేషన్ | ఏడాది ప్రీమియం | డిడక్టిబుల్ (ప్రతి క్లెయిమ్‌కు) |
|---|---|---|
| ఏ | 3.10 | 5 శాతం, కనీసం 1 |
| బీ | 2.55 | 5 శాతం, కనీసం 5 |
| సీ | 2.20 | 10 శాతం, కనీసం 10 |

చూడగానే సీ చవకగా కనిపిస్తుంది. గత 5 ఏళ్లలో మనకు జరిగిన మూడు నష్టాలను (వాన నీటికి తడిసిన బోర్డు 3.40, ప్యానెల్‌లో షార్ట్ సర్క్యూట్ 6.20, చెత్త కాగితాల గదిలో మంటలు 1.80) ఈ మూడింటితోనూ సరిచూశాను. ప్రీమియం, మన వాటా కలిపితే 5 ఏళ్లకు ఏ 18.50, బీ 22.95, సీ 22.40. పైగా సీ ఆ మూడింటిలో ఒక్కదానికీ పైసా ఇచ్చేది కాదు. పెద్ద ప్రమాదం వచ్చి 200 నష్టమైతే సీలో మన వాటా 20, ఏలో 10. చిన్న క్లెయిమ్‌లు ఎక్కువైతే రెన్యూవల్‌లో ప్రీమియం పెరగొచ్చన్నది నిజమే, అయినా నా సిఫార్సు ఏ.

ఎక్కువ డిడక్టిబుల్ పెట్టుకున్నది రెండు చోట్ల. మొదటిది నాలుగు వాహనాలు: చిన్న గీతలకు, సొట్టలకు నో క్లెయిమ్ బోనస్ పోతుందని మనం ఎలాగూ క్లెయిమ్ వేయం. అలాంటప్పుడు వాటి కవర్‌కు డబ్బు కట్టడం దండగ. ప్రీమియం 1.35 నుంచి 1.10కి తగ్గుతుంది. రెండోది పని ఆగిపోయినప్పటి నష్టం పాలసీ. ఇందులో డిడక్టిబుల్‌ను రోజుల్లో లెక్కిస్తారు. మొదటి 3 రోజులు మనం భరిస్తే ప్రీమియం 2.05, 7 రోజులైతే 1.45. పని ఆగితే రోజుకు 0.55 పోతుంది. 5 ఏళ్లలో 3 రోజులు దాటి ఆగింది ఒక్కసారే, అదీ ప్యానెల్ కాలినప్పుడు 5 రోజులు. ఆ రెండు రోజుల 1.10 కోసం 5 ఏళ్లలో 3.00 అదనంగా కట్టినట్టయ్యేది. ఒక వారం పని బయటి ప్రెస్‌లో చేయించుకోగలం కాబట్టి 7 రోజులే చాలు.

మిగతావి: మెషీన్ బ్రేక్‌డౌన్ 2.20, కంప్యూటర్లు 0.40, 62 మంది సిబ్బంది ఆరోగ్య బీమా 6.80, పనిలో గాయాలకు 0.90, బయటివారికి జరిగే హానికి 0.70, నగదు, సిబ్బంది మోసాలకు 0.35. ఆరోగ్య బీమాలో కోత పెట్టమని దయచేసి అడగకండి.

6.00 నిధి లెక్క ఇది: ఒకే ఏడాదిలో ఒక అగ్ని ప్రమాద డిడక్టిబుల్ 1.00, 7 రోజుల పని నష్టం 3.85, మెషీన్ పాలసీ డిడక్టిబుల్ 1.00, కలిపి 5.85. ఖర్చు కాకపోతే అది అలాగే వచ్చే ఏడాదికి వెళుతుంది. దాన్ని వేరే పనులకు వాడకూడదని తీర్మానంలో రాయాలి.

పైకప్పు లీకేజీ మాత్రం బీమాతో తీరదు. ఏళ్ల తరబడి కారుతున్న నీటిని ఏ సర్వేయరూ ప్రమాదంగా ఒప్పుకోడు. 1.80తో మరమ్మతు చేయించమని మెయింటెనెన్స్ బడ్జెట్‌లో విడిగా అడిగాను.

పాత పాలసీలు ఈ నెల 31న ముగుస్తాయి. ఆమోదం 20లోగా అందితే, ప్రీమియం కట్టే ముందు సర్వేయర్ వచ్చి వైరింగ్ చూసుకోవడానికి సమయం ఉంటుంది.