విషయం: స్టోర్స్ ఇన్‌ఛార్జి ఉద్యోగానికి శ్రావణి గారి దరఖాస్తు – ఆమె పనితీరుపై మీ అభిప్రాయం కోసం

గౌరవనీయులైన రామమోహనరావు గారికి,

నమస్కారం. నా పేరు పద్మజ. విజయవాడలోని 150 పడకల ఆసుపత్రి ఒకదానిలో సిబ్బంది నియామకాలు చూస్తున్నాను. మీరు ప్రధాన ఫార్మసిస్టుగా ఉన్నప్పుడు, 2020 జూన్ నుంచి 2024 ఆగస్టు వరకు మీ దగ్గర మందుల స్టోరులో పనిచేసిన శ్రావణి గారు మా ఆసుపత్రిలో స్టోర్స్ ఇన్‌ఛార్జి ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్నారు. తన పనిని దగ్గరుండి చూసినవారిగా మీ పేరు ఆమే ఇచ్చారు. మీకు రాయడానికి అంగీకారం కూడా రాతపూర్వకంగా తెలిపారు.

ఇండెంట్లు పెట్టడం మొదలు వార్డులకు మందులు చేరే వరకు మొత్తం బాధ్యత ఈ ఉద్యోగానిదే. రాత్రి షిఫ్టు వారితో కలిపి ఆరుగురు ఆమె కింద పనిచేస్తారు. రెండు విడతల ఇంటర్వ్యూలో ఆమె చదువు, అనుభవం మాకు సంతృప్తికరంగానే కనిపించాయి. అయితే ఎవరూ చూడని వేళ స్టోరు ఎలా నడుస్తుందన్నది ఇంటర్వ్యూ గదిలో తెలిసేది కాదు. అందుకే మీ సమయాన్ని కోరుతూ మూడు ప్రశ్నలు మాత్రమే అడుగుతున్నాను.

మొదటిది నిల్వల గురించి. నెలాఖరు లెక్కింపులో కంప్యూటరు చూపే నిల్వకూ అరలో ఉన్న సరుకుకూ తేడా వచ్చినప్పుడు ఆమె ఏం చేసేవారు? తేడా ఎక్కడ వచ్చిందో బ్యాచ్ నంబరు పట్టుకుని వెతికేవారా, లేక సర్దుబాటు ఎంట్రీతో సరిపెట్టేవారా? గడువు దగ్గరపడిన మందులను ముందుగా వాడకానికి పంపడంలోనూ, సరఫరాదారుకు సకాలంలో తిప్పి పంపడంలోనూ ఆమె ఎంత క్రమంగా ఉండేవారో కూడా రాయగలరు.

రెండో ప్రశ్న మాకు అన్నిటికన్నా ముఖ్యం. ఒక మే నెల రాత్రి మీ స్టోరులో ఫ్రిజ్ ఆగిపోయిందనీ, ఉదయం తాను డ్యూటీకి వచ్చేసరికి థర్మామీటరు 14 డిగ్రీలు చూపిందనీ, రాత్రి 9 గంటల తర్వాత రీడింగు ఎవరూ రాయలేదనీ ఆమె ఇంటర్వ్యూలో చెప్పారు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన ఇన్సులిన్ వయల్స్‌నూ టీకాలనూ ఒక పక్కకు తీసి, ‘ఇవ్వరాదు’ అని చీటీ అంటించి, బ్యాచ్‌ల వారీగా తయారీ కంపెనీల సలహా అడిగానని ఆమె మాట. వేడి తగిలిన ఇన్సులిన్ చూడ్డానికి మామూలుగానే ఉండవచ్చు. అది పనిచేస్తుందో లేదో కంటితో తేల్చలేం. అలాంటప్పుడు రోగికి రక్షణ స్టోరులో ఉన్న మనిషి నిజాయితీయే. ఆమె మాటను అనుమానించి అడగడం లేదు. ఆ ఉదయాన్ని మీరు ఎలా చూశారో తెలుసుకోవాలని ఉంది. ఆమె తానుగా వచ్చి మీకు చెప్పారా, లేక మీరు గమనించాక చెప్పారా? రాత్రి రీడింగు తప్పిన సహోద్యోగితో ఎలా మాట్లాడారు? రీడింగులు మళ్లీ తప్పిపోకుండా ఆ తర్వాత ఆమె ఏదైనా మార్పు తెచ్చారా?

మూడోది ఒత్తిడి గురించి. ‘ముందు మందు పంపండి, చీటీ తర్వాత ఇస్తాను’ అని పెద్ద డాక్టరు ఫోన్‌లో గట్టిగా చెప్పే సందర్భాలు మీకు కొత్త కావు. షెడ్యూల్ హెచ్1 మందులకు డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి కాబట్టి, అక్కడ మొహమాటం పనికిరాదు. రోగికి ఆలస్యం కాకుండా, నియమమూ తప్పకుండా ఆమె అలాంటి ఫోన్‌కు ఎలా జవాబిచ్చేవారో మీకు గుర్తున్న ఒక సంఘటనతో చెబితే చాలు. ఆమె తడబడిన సందర్భం ఉంటే అది కూడా రాయండి. ఆ ఒక్కదానితో ఆమెను పక్కన పెట్టం, ఏ విషయంలో తోడ్పాటు కావాలో మాకు ముందే తెలుస్తుంది.

జీతం, కుటుంబం, ఆరోగ్యం, సెలవుల వివరాలు మాకు అవసరం లేదు, దయచేసి రాయవద్దు. మీ జవాబును నేనూ, మా ప్రధాన ఫార్మసిస్టూ మాత్రమే చదువుతాం. వచ్చే శుక్రవారం సాయంత్రం లోగా ఈ మెయిల్‌కే తెలుగులోనో ఇంగ్లిషులోనో రాయవచ్చు. మాట్లాడటమే సులువనుకుంటే మీకు వీలైన వేళ తెలపండి, నేనే ఫోన్ చేస్తాను, పావుగంటకు మించి తీసుకోను. మీ సంస్థ నియమాలు అభిప్రాయం చెప్పనివ్వకపోతే, పైన రాసిన పనికాలం సరైనదేనా అన్నంత వరకు ధ్రువీకరించినా మాకు సాయమే.

కృతజ్ఞతలతో,
పద్మజ
నియామకాల అధికారి, విజయవాడ